దారుణం గారి మెత్తని శీర్షికలు

ఆయనకు తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటుంది. అది పెన్షన్ కాగితాల మీద తప్ప ఇప్పుడెక్కడా వాడుకలో లేదు. పత్రికాఫీసులో ఉన్నంత కాలం అందరూ ఆయన్ను దారుణం గారనే పిలిచారు. నేరవార్తలకు శీర్షికలు పెట్టడం ఆయన ఉద్యోగం. మేడ మీంచి పూలకుండీ పడి ఎవరి వేలికైనా గాయమైతే అది దారుణం. కుళాయి పగిలి వీధి తడిస్తే జలప్రళయం. బస్సులో సీటు కోసం ఇద్దరు కసురుకుంటే రణరంగం. ఇవన్నీ ఆయన టీ తాగుతూ, మొహంలో ఒక్క గీత కూడా కదలకుండా రాసేవారు. మనిషి మాత్రం చీమకైనా హాని తలపెట్టని రకం. బొద్దింక కనపడితే కుర్చీ ఎక్కి నిలబడి, అది వెళ్లిపోయిందని ఎవరైనా చెప్పాక దిగేవారు.

కొన్నాళ్లకు పత్రిక అచ్చు ఆపేసింది. ఆఖరి సంచికలో ఆ సంగతి రాసేటప్పుడు కూడా ఆయన "అక్షర హత్య" అనే పెట్టబోతే యజమాని చేతులు జోడించి "పాఠకులకు మనవి" అని మార్పించాడు. భార్య అంతకు ముందే పోయింది. ఇక చేసేదేం లేక దారుణం గారు కూతురింటికి వచ్చేశారు.

కూతురు డాబా మీద మొక్కలు పెంచుతుంది. ఎలా పెంచాలో వీడియోలు తీసి పెడుతుంది. వీడియోల మధ్యలో వచ్చే ప్రకటనలే ఆమె జీతం. ముందుగదిలో ఒక బల్ల, దాని మీద కంప్యూటరు, దీపం, మట్టి అంటిన మౌసు. బల్ల దగ్గర ఒకే కుర్చీ ఉండేది. తండ్రి వచ్చిన వారంలోనే ఆమె ఇంకో కుర్చీ తెచ్చి పక్కన వేసింది. "శీర్షికలు మీరే పెట్టండి నాన్నా, నాకు మొక్కలతోనే సరిపోతోంది" అంది. ఆ మాటకు దారుణం గారు తల ఊపి ఊరుకున్నారు గానీ, ఆ రోజు గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి కూర్చున్నారు. ఆ కుర్చీ ఆయనకు రెండో ఉద్యోగం. మూడోది ఇచ్చేవాళ్లు ఇక లేరని ఆయనకు తెలుసు.

మొదటి వీడియో చిక్కుడు తీగకు పట్టిన పేనుబంక గురించి. సబ్బునీళ్లు కొడితే పోతుందని కూతురు చక్కగా చూపించింది. దారుణం గారు పెట్టిన శీర్షిక: "పేనుబంకపై మారణహోమం! ఒక్క స్ప్రేతో సామూహిక సంహారం!" వీడియో ఎక్కించిన కాసేపటికి దాని పక్కనున్న నాణెం గుర్తు ఆకుపచ్చ నుంచి పసుపుకు మారింది.

పసుపంటే ఏమిటో కూతురు ఓపిగ్గా చెప్పింది. ప్రకటనలు ఇచ్చే కంపెనీలు తమ సరుకు ఎలాంటి వీడియో పక్కన కనిపిస్తుందో చూసుకుంటాయి. అందుకని ముందు ఒక యంత్రం శీర్షిక చదువుతుంది, కింద రాసే వివరణ చదువుతుంది, వీడియో తెరవక ముందు కనిపించే పైబొమ్మనూ దాని మీది అక్షరాలనూ చూస్తుంది, వీడియో లోపల ఏముందో కూడా చూస్తుంది. రక్తం, చంపడం, బూతు, రుజువు లేని వైద్యం లాంటివి కనిపిస్తే పసుపు పెడుతుంది. పసుపు పడితే ఆ వీడియోకు ప్రకటనలు తగ్గిపోతాయి, ఒక్కోసారి అసలే రావు. "సబ్బు కంపెనీ వాళ్లు వాళ్ల సబ్బును మారణహోమం పక్కన పెట్టుకోరు నాన్నా" అంది.

"మనం వాడింది సబ్బే కదమ్మా" అన్నారు దారుణం గారు.

తరవాత ఆయన తెలివి వాడారు. మాటను పూర్తిగా రాస్తేనే కదా తప్పు అని, సంహారంలో మధ్య అక్షరం తీసేసి చుక్క పెట్టారు. యంత్రానికి అదీ అర్థమైంది. మిడత వీడియోకు "పంటపొలంలో ఉ*వాది" అని పెడితే అదీ అర్థమైంది. చుక్క పెట్టినంత మాత్రాన చెప్పదలుచుకున్నది మారదు కదా అని కూతురు అంటే, పత్రికలో మాత్రం మారేదని ఆయన గొణిగారు. చింత చచ్చినా పులుపు చావదంటారు. దారుణం గారి విషయంలో చింతకు అప్పటికింకా జలుబు కూడా చేయలేదు.

అంతటితో పోతే బాగుండేది. ఒక మొక్క ఆకుల గురించి కూతురు తీసిన వీడియోకు వివరణ రాస్తూ ఆయన చివర్లో ఒక వాక్యం తగిలించారు: "షుగర్ వ్యాధికి శాశ్వత విముక్తి." మొక్కలమ్మే వాడు అలా చెప్పగా విన్నారట. పసుపు పడింది సరే, ఈసారి కూతురు ఓపిగ్గా చెప్పలేదు. లేచి నిలబడి ఆ వాక్యాన్ని తనే చెరిపేసింది.

"ఇది చదివి ఎవరైనా మాత్రలు మానేస్తే? కిందున్న ఆ నాలుగు ముక్కల్ని కూడా నమ్మేవాళ్లుంటారు నాన్నా."

ఆ రోజు భోజనాల దగ్గర అల్లుడు నీళ్ల గ్లాసు వైపు చూస్తూ, మామయ్యగారికి కంప్యూటరు ముందు కూర్చుని కళ్లు లాగుతున్నట్టున్నాయని, కొంచెం విశ్రాంతి తీసుకుంటే మంచిదని అన్నాడు. అల్లుడు మంచివాడు. సెలవు రోజుల్లో కెమెరా పట్టుకునేది అతనే. ఎవరినైనా ఉద్యోగం లోంచి తీసేసేటప్పుడు యజమానులు కళ్ల ఆరోగ్యం గురించే మాట్లాడతారని దారుణం గారికి అనుభవం.

మర్నాడు పొద్దున్నే కూతురు మొక్కలకు నీళ్లు పోస్తుంటే డాబా మీదికి వెళ్లి నిలబడ్డారు. ఇంకొక్క అవకాశం ఇవ్వమని అడిగారు. "నేను మెత్తబడతానమ్మా" అన్నారు. కన్నతండ్రి అలా అడిగితే ఏ కూతురు కాదంటుంది? ఆమె నీళ్ల గొట్టం ఆపి, సరేనంది.

దారుణం గారు ఏ పని చేసినా అర్ధమనస్కంగా చేసే మనిషి కాదు. మెత్తబడ్డారు. ఎంత మెత్తబడ్డారంటే ఇంట్లో మాట్లాడేటప్పుడు కూడా మెత్తనయ్యారు. పాము చావకూడదు, కర్ర విరగకూడదు అనాల్సిన చోట "పాముకూ కర్రకూ ఇద్దరికీ ఇబ్బంది కలగకూడదు" అనడం మొదలుపెట్టారు. గోరుచుట్టు మీద రోకటిపోటు అనకుండా "వేలికీ రోకలికీ అనుకోని పరిచయం" అన్నారు. పక్కింటాయన పోయాడని కబురొస్తే, ఆయన ప్రస్తుతం అందుబాటులో లేరని అల్లుడికి చెప్పారు. అల్లుడు రెండు రోజుల తరవాత ఆ ఇంటికి వెళ్లి, సార్ ఎప్పుడొస్తారని అడిగి, తలవంచుకుని తిరిగొచ్చాడు.

శీర్షికలూ అలాగే మారాయి. పేనుబంకకు "ఆత్మీయ వీడ్కోలు" చెప్పారు. మొక్కల కుళ్లిన వేళ్లను "మార్పు కోరుకుంటున్న వేళ్లు" అన్నారు. ఎలుకల వీడియోకు "డాబా మీద చిన్ని అతిథులు" అని పెట్టారు. నాణేలన్నీ ఆకుపచ్చగా వరస కట్టాయి. దారుణం గారు పొద్దున్నే కళ్లజోడు తుడుచుకుని ఆ వరసను పైనుంచి కిందికి ఒకసారి చూసుకుని గానీ కాఫీ ముట్టేవారు కాదు. అల్లుడు కళ్ల సంగతి మళ్లీ ఎత్తలేదు.

కూతురికి మాత్రం మనసులో ఏదో పీకుతూనే ఉంది. ఎలుకల వీడియో కింద ఒకావిడ తన చిలకకు కూడా ఇలాగే అతిథి మర్యాదలు చేస్తానని రాసింది. మరీ ఇంత మెత్తగా పెడితే లోపలేముందో చూసేవాళ్లకు తెలియదు కదా అని కూతురు అడిగింది. తెలియకపోతే ఎవరికీ బాధ ఉండదని దారుణం గారు జవాబిచ్చారు. ఆమె నవ్వేసి ఊరుకుంది.

ఆ తరవాతే గన్నేరు వీడియో వచ్చింది. గన్నేరు చూడ్డానికి అందంగా ఉంటుంది, నీళ్లు తక్కువైనా బతుకుతుంది, అందుకే జనం కొంటారు. కానీ దాని ఆకు, పువ్వు, కొమ్మ అన్నీ విషమే. పసిపిల్లలు నమిలితే గుండె కొట్టుకునే తీరే తప్పుతుంది. ఈ సంగతి చాలామందికి తెలియదని కూతురు ఆ వీడియో తీసింది. ముందు మొక్కను గుర్తుపట్టడం, తరవాత కుండీ మార్చడం, మూడో నిమిషంలో పిల్లల సంగతి. శీర్షిక కూడా తనే అనుకుంది: "గన్నేరు విషం, పసిపిల్లలున్న ఇళ్ల వాళ్లు చూడండి."

దారుణం గారు ఆ విషం అనే మాటను కుర్చీ ఎక్కి చూసేంత పని చేశారు. ఆకుపచ్చ వరస మధ్యలో పసుపు చుక్క ఆయన కళ్ల ముందు కదిలింది. ఒకప్పుడు రోజుకు పదిసార్లు రాసిన మాటే అది. ఇప్పుడు దాన్ని తాకడానికి కూడా భయపడ్డారు. మాటను కొట్టేసి, "గన్నేరు పువ్వు: కొన్ని ముచ్చట్లు" అని రాశారు. పైబొమ్మకు గులాబీ రంగు పూలగుత్తి ఎంచారు. వివరణలో "కనువిందు చేసే పూలు, కాసిన్ని కబుర్లు" అని పెట్టారు. కూతురు అప్పుడు మట్టి చేతులతో కుండీలు మారుస్తోంది. ఆయన చదివి వినిపిస్తే, తొందర్లో, సరే పెట్టేయండి నాన్నా అంది. నాణెం ఆకుపచ్చగా వెలిగింది.

కింద వాటాలో ఒక టైలరమ్మ ఉంటుంది. మనవరాలు చిట్టిని చూసుకుంటూ బట్టలు కుడుతుంది. ఆవిడ కూతురు ఉద్యోగానికి వెళ్తే పాప రోజంతా అమ్మమ్మ దగ్గరే. చిట్టికి అప్పుడప్పుడే నడక వచ్చింది. ఏది దొరికితే అది నోట్లో పెట్టుకుని రుచి చూసే వయసు. టైలరమ్మ మిషను మీద కూర్చున్నప్పుడు ఫోను పక్కన పెట్టుకుని పైవాటా అమ్మాయి వీడియోలు వింటుంది. చూడదు, వింటుంది, చూస్తే కుట్టు వంకర పోతుంది.

ఒక మధ్యాహ్నం మెట్ల మీంచి ఆమె కేక వినపడింది. చిట్టి వాంతులు చేసుకుంటోంది, మెడ నిలపడం లేదు. దారుణం గారూ కూతురూ కిందికి పరిగెత్తారు. వెనక బాల్కనీలో, మిషనుకు అడుగు దూరంలో, కొత్త కుండీ ఉంది. గులాబీ రంగు పూలు. కింద నేల మీద నమిలి ఊసేసిన ఆకు ముక్కలు. కూతురు మొహం పాలిపోయింది. ఆ ముక్కల్ని కవర్లో వేసుకుని, పాపను ఎత్తుకుని, నోరు తుడిచి, అల్లుడికి ఫోను చేస్తూనే రోడ్డు మీదికి నడిచింది.

ఆస్పత్రిలో డాక్టరు ఆకును చూడగానే ఇంకేమీ అడగకుండా పాపను లోపలికి తీసుకెళ్లింది. ఛాతీకి తీగలు తగిలించి, గుండె చప్పుడు తెర మీద చూస్తూ ఉన్నారు. మింగింది కొద్దిగానే అని, అయినా మర్నాటి దాకా వదలలేమని చెప్పారు. బయట బెంచీ మీద టైలరమ్మ పక్కన దారుణం గారు కూర్చున్నారు. ఆవిడ మెడలో టేపు అలాగే వేలాడుతోంది. ఆవిడ, ఎవరినీ అననట్టుగా, నెమ్మదిగా చెప్పింది.

"మీ వీడియో చూసే కొన్నాను అన్నయ్యగారూ. అంటే, పేరు చూసి. బొమ్మ బాగుంది. ముచ్చట్లే కదా, లైనింగు కుట్టేటప్పుడు తీరిగ్గా విందాంలే అనుకున్నాను."

దారుణం గారు జీవితంలో అన్ని వేల శీర్షికలు రాశారు, ఎవరో ఒకరికి నొప్పి కలిగించనిది వాటిలో తక్కువ. ఎవరినీ నొప్పించకూడదని పట్టుబట్టి రాసింది ఇదే, అది పోయి పోయి చిట్టికి తగిలింది. ఆవిడ తిట్టి ఉంటే బాగుండేదనిపించింది. సిగ్గుతో ఆయన చెవులు కాలిపోయాయి. కళ్లజోడు తీసి తుడవడం మొదలుపెట్టి, అది శుభ్రంగానే ఉందని తెలిసినా ఆపలేకపోయారు.

మర్నాడు సాయంత్రం చిట్టి ఇంటికొచ్చింది. వస్తూనే ఆస్పత్రి వాళ్లు చేతికి కట్టిన కాగితం పట్టీని నోట్లో పెట్టుకుంది. దారుణం గారు అది చూసి పైకి వెళ్లి, ముందుగదిలోని తన కుర్చీని వరండాలోకి తెచ్చుకుని, వీధి వైపు తిరిగి కూర్చున్నారు. గన్నేరు వీడియోను కూతురు అప్పటికే ఎవరికీ కనిపించకుండా పక్కన పెట్టింది. కాసేపటికి ఆమె వచ్చి గడప మీద కూర్చుంది. సరేనన్నది తనే కాబట్టి తప్పు ఇద్దరిదీ అంది. కుర్చీ లోపల పెట్టమంది. ఆయన తల అడ్డంగా ఊపారు.

"నాకు రెండే వచ్చమ్మా. కేకలు వేయడం, జోకొట్టడం. మామూలుగా చెప్పడం నాకు ఎవరూ నేర్పలేదు."

కూతురు, ఆ కుండీ కొన్న రోజున ఆయనే కిందికి వెళ్లి చూసి ఉంటే టైలరమ్మకు ఏం చెప్పేవారని అడిగింది. దారుణం గారు ఆలోచించలేదు. "అమ్మా, గన్నేరు విషం, పాపకు అందనివ్వకు అని చెప్పేవాణ్ణి" అన్నారు. అందులో హంతకుడు లేడు, ప్రళయం లేదు, ముచ్చట్లూ లేవు. ఆ సంగతి ఇద్దరికీ ఒకేసారి తట్టింది. కుర్చీ లోపలికి వెళ్లింది.

కొత్త శీర్షిక: "గన్నేరు విషం, పసిపిల్లలకు అందనివ్వకండి." పైబొమ్మలో పూలగుత్తి తీసేసి, ఎత్తైన గోడ మీద కుండీ ఉన్న బొమ్మ పెట్టారు. వివరణలో మొక్కను ఎలా గుర్తుపట్టాలో, పిల్లలు నమిలితే ఆకు ముక్క పట్టుకుని వెంటనే ఆస్పత్రికి వెళ్లాలని, ఇంట్లో వైద్యాలు చేయొద్దని రాశారు. మళ్లీ ఎక్కించేటప్పుడు వీడియోలో ఏముందని అడిగే ప్రశ్నలకు కూతురు ఉన్నదున్నట్టు జవాబులు పెట్టింది. నాణెం పసుపు రంగుకు తిరిగింది.

యంత్రం తప్పు చేసిందనుకుంటే మనిషి చేత చూపించమని అడగొచ్చు. కానీ ఆ మనిషి ఏమంటే అదే ఆఖరు, మళ్లీ అడగడానికి ఉండదు. అందుకే కూతురు తటపటాయించింది. విషం తీసేసి "గన్నేరు: కొన్ని జాగ్రత్తలు" అని మార్చి అడిగితే ఆకుపచ్చ ఖాయమేమో అంది. ఈ నెల గన్నేరు వీడియో మీదే ఆశ పెట్టుకున్నానని కూడా అంది. ఇంతకు ముందైతే దారుణం గారు ఆ మాట పూర్తి కాకముందే చెరిపేసేవారు. ఇప్పుడు లేచి, చెప్పులు వేసుకుని కిందికి వెళ్లారు.

టైలరమ్మ మిషను తొక్కుతోంది. చిట్టి ఆవిడ కాళ్ల దగ్గర ఖాళీ దారపు రీలుతో ఆడుకుంటోంది. దారుణం గారు తలుపు దగ్గరే నిలబడి, ఇది వింటే ఏం చేస్తావమ్మా అని అడిగి, "గన్నేరు: కొన్ని జాగ్రత్తలు" అని చదివారు. ఆవిడ కుట్టు ఆపకుండానే, తీరిక దొరికినప్పుడు వింటానంది. తరవాత విషం అన్న మాటున్న శీర్షిక చదివారు. మిషను ఆగింది.

"ఇంక వినేదేముంది అన్నయ్యగారూ? పేరులోనే చెప్పేశారు. ఇదే ముందు పెట్టి ఉంటే నేను కొనేదాన్నా?"

దారుణం గారు పైకి వచ్చి కూర్చున్నారు. ఒక్క అక్షరం కూడా మార్చొద్దని కూతురితో చెప్పారు. యంత్రానికి విషమన్న మాట వినపడి ఉంటుందని, మనిషైతే ఎందుకన్నామో చూస్తాడని అన్నారు. మనిషి కూడా పసుపే అంటే అలాగే ఉండనీ, కావాలంటే తన కుర్చీ తీసేయమన్నారు. మొహంలో గీత కదల్లేదు గానీ, శుభ్రంగానే ఉన్న కళ్లజోడును మళ్లీ తుడవడం కూతురు చూసింది. ఆమె, మనిషి చూడాలని కోరే మీట నొక్కింది.

రెండు రోజులు ఆయన వరసను చూసుకోకుండానే కాఫీ తాగారు. మూడో రోజు అల్లుడే చూసి, ఆకుపచ్చ అయిందని చెప్పాడు. అవగాహన కోసం చెప్పే మాటకు, బెదరగొట్టడానికి చెప్పే మాటకు ఉన్న తేడా ఆ కనపడని మనిషికి తెలిసింది కాబోలు. దారుణం గారు మంచిదన్నారు. ఆ తరవాత పాత శీర్షికలన్నీ ఒక్కొక్కటే తెరిచి, అతిథుల్ని ఎలుకలుగానూ, మార్పు కోరుకునే వేళ్లను కుళ్లిన వేళ్లుగానూ దిద్దుకుంటూ వచ్చారు. పక్కింటాయన ఇంటికి అల్లుడితో కలిసి వెళ్లి, పోయారని తెలిసి చాలా బాధపడ్డామని ఆ మాటల్లోనే చెప్పొచ్చారు.

ఇప్పుడు ముందుగదిలో మూడు కుర్చీలున్నాయి. మూడోది అల్లుడు తెచ్చాడు, ఎందుకో ఎవరూ అడగలేదు. సాయంత్రం కుట్టు ఆపాక టైలరమ్మ చిట్టిని చంకనేసుకుని పైకి వస్తుంది. చిట్టి తిన్నగా దారుణం గారి ఒళ్లోకి ఎక్కి కళ్లజోడు లాగుతుంది. ఆయన కళ్లజోడు లేకుండానే, అంచనా మీద, ఆ రోజు శీర్షిక చదువుతారు. వింటే ఏం చేస్తావమ్మా అని అడుగుతారు. ఆవిడ చెప్పిన దాన్ని బట్టి అది ఉంటుంది, లేదా పోతుంది.

మొన్న పేనుబంకది మళ్లీ రాశారు: "పేనుబంక పోవాలంటే సబ్బునీళ్లు ఆకు అడుగున కొట్టండి."

"బాగుంది అన్నయ్యగారూ. సబ్బు ఇంట్లోనే ఉంది. వీడియో చూడక్కర్లేదు" అంది టైలరమ్మ.

కూతురు రెండు చేతులతో తల పట్టుకుంది. చూసేవాళ్లు లేకపోతే ప్రకటనలు ఎక్కడివని అడిగింది. అది న్యాయమైన ప్రశ్నేనని దారుణం గారు ఒప్పుకున్నారు. చిట్టి చేతిలోంచి కళ్లజోడు తీసుకుని పెట్టుకుని, శీర్షికను ఇంకోసారి చదివి, అలాగే ఉంచేశారు.